పెన్నుతో కొన్ని, పెన్సిల్‌తో కొన్ని

మా అన్నయ్య కూతురి ఇంట్లో, టీవీ కింద అరలో, మందుల డబ్బా పక్కన ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంటుంది. అట్ట మీద పేరేమీ లేదు. బ్యాంకులో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసినవాణ్ని, డబ్బు లెక్కలు రాసిన పుస్తకాలు చాలా చూశాను. ఇంత పనితనం ఉన్న పుస్తకం మాత్రం ఇంకొకటి చూడలేదు. ఆమె కామర్స్ చదువుకోలేదు. తెనాలిలో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచరు. భర్తకు రెండు కిడ్నీలూ పాడవుతున్నాయని, ఏడాదిలోపే డయాలసిస్ మొదలుపెట్టాల్సి రావచ్చని నెఫ్రాలజిస్టు చెప్పిన వారంలో ఈ పుస్తకం మొదలైంది.

అప్పటికి మా అల్లుడికి 49 ఏళ్లు. ఒక మందుల కంపెనీలో సూపర్‌వైజరు. చేతికొచ్చే జీతం 62 వేలు, ఆమెది 28 వేలు. కొడుకు ఇంటరు, కూతురు ఎనిమిది. ఇంటి లోను ఇంకా 5 లక్షల 20 వేలుంది, దాని ఈఎంఐ 14,500. కూడబెట్టిన డబ్బు చూస్తే స్థలం అమ్మగా వచ్చిన 12 లక్షలు ఒకే ఎఫ్‌డీలో ఉన్నాయి. మ్యూచువల్ ఫండ్లలో ఇద్దరి పేరుతో కలిపి 9 లక్షలు, ఆమె పీపీఎఫ్‌లో 4 లక్షలు, ఆయన పీఎఫ్ 11 లక్షలు. ఉద్యోగం మానితే 21 ఏళ్ల సర్వీసుకు గ్రాట్యుటీ మూడు లక్షల డెబ్భై అయిదు వేల దాకా వస్తుంది. బంగారాన్ని ఆమె లెక్కలో చేర్చలేదు. ఎందుకని అడిగితే, "అది కూతురిది బాబాయ్" అంది. ఆ మాట తర్వాత నేను దాని ఊసెత్తలేదు.

ఈ పరిస్థితిలో నాలాంటి బ్యాంకు మనిషి మొదట అడిగే ప్రశ్న, డబ్బు ఎక్కడ పెడితే ఎక్కువ వడ్డీ వస్తుందని. పుస్తకం మొదటి పేజీలో వడ్డీ మాటే లేదు. అక్కడ ఉన్నది ఒక వారం. సోమ, బుధ, శుక్రవారాలు. ఒక్కో సిట్టింగ్ నాలుగు గంటలు. వారానికి మూడు చొప్పున నెలకు పదమూడు. వాళ్ల దగ్గర్లోని సెంటర్లో ఒక్కోదానికి 1,800, మొత్తం 23,400. రక్తం పెరగడానికి వేసే ఇంజెక్షన్లు, మందులు కలిపి 9,000. పరీక్షలు 1,600. ఆటో రానుపోను 300 చొప్పున 3,900. మొత్తం 37,900. ఆ అంకెను ఆమె 38 వేలకు సవరించింది. చాలామంది ఆటో దగ్గరే తప్పు చేస్తారు, రాయరు. నెలకు నాలుగు వేలంటే ఏడాదికి దాదాపు అరలక్ష.

ఆ అంకె కింద మూడు వరసలున్నాయి: పూర్తి జీతం, సగం జీతం, జీతం లేదు. వారానికి మూడు రోజులు మంచం మీద నాలుగేసి గంటలు గడిపే మనిషి అదే ఉద్యోగం ఎన్నాళ్లు చేయగలడో ఎవరూ చెప్పలేరు. డయాలసిస్ అయిన రోజు సాయంత్రం లేచి నడవడమే కష్టం. అందుకే ఆమె ఒక భవిష్యత్తును ఊహించి దానికి ప్లాన్ వేయలేదు. మూడింటికీ లెక్క కట్టి, అన్నిటికన్నా గడ్డుదైన మూడోదాన్ని ప్లానుకు కొలతగా తీసుకుంది. జీతం లేని నెలలో ఆమె జీతం 28 వేలు వస్తుంది. ఇంటి ఖర్చును ఎంత తగ్గించినా ఫీజులతో కలిపి 41 వేలు. దానికి వైద్యం 38 వేలు, ఈఎంఐ 14,500 కలిపితే ఖర్చు 93,500. లోటు 65,500.

ఇక్కడే మొదటిసారి నేను ఆమెతో వాదించాను. ముందు లోను తీర్చెయ్యమ్మా అన్నాను. ఎఫ్‌డీ మీద వచ్చే వడ్డీ కన్నా లోనుకు కట్టే వడ్డీయే ఎక్కువ, పైగా ఈఎంఐ పోతే లోటు ఒక్కసారిగా 51 వేలకు దిగుతుంది. లెక్క ప్రకారం నా మాట తప్పు కాదు. ఆమె పుస్తకం తిప్పి ఒక వాక్యం చూపించింది: "ఇంట్లో పోసిన డబ్బు ఆసుపత్రికి రాదు." జీతం ఉన్నంత కాలం ఈఎంఐ జీతంలోంచే పోతుంది. ఇవాళ 5 లక్షలు తీసి లోనులో కట్టేసి, రేపు ఆసుపత్రిలో అవసరమైతే, ఉద్యోగం ఊగిసలాడుతున్న మనిషికి ఏ బ్యాంకూ మళ్లీ అప్పివ్వదు. అది నాకు ఆమెకన్నా బాగా తెలియాలి. అప్లికేషన్లు తిప్పి పంపింది నేనే కదా. అందుకని ఆమె లోను తీర్చే తేదీని వేరే చోట కట్టింది. గ్రాట్యుటీ, పీఎఫ్ చేతికొచ్చిన రోజున ఆ డబ్బుతోనే లోను తీరుతుంది. అప్పటివరకు చేతిలో ఉన్న డబ్బు కదలదు. జీతం ఆగడమూ ఈఎంఐ ఆగడమూ ఇంచుమించు ఒకే కాలంలో జరిగేలా రెంటినీ ముడివేసింది. మధ్యలో వచ్చే కొద్ది నెలల ఈఎంఐని మాత్రం విడిగా పక్కన పెట్టింది.

పుస్తకంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఎఫ్‌డీల పేజీ.

12 లక్షల ఎఫ్‌డీ ఒకే రసీదుగా ఉంటే, దాంట్లోంచి 50 వేలు కావాలన్నా మొత్తం విరగ్గొట్టాలి. విరగ్గొడితే, డబ్బు ఎన్ని నెలలుందో ఆ కాలానికి ఉన్న తక్కువ రేటు కట్టి, అందులోంచి మళ్లీ జరిమానా తీస్తారు. ఆమె ఆ 12 లక్షల్లో 3 లక్షలు పక్కన పెట్టింది. దాని సంగతి తర్వాత చెబుతాను. మిగిలిన 9 లక్షలను నిచ్చెన మెట్లలా లక్షన్నర చొప్పున ఆరు ముక్కలు చేసింది. మొదటిది మూడు నెలలకు, రెండోది ఆరు నెలలకు, అలా ఆరోది పద్దెనిమిది నెలలకు మెచ్యూర్ అవుతుంది. లక్షన్నరే ఎందుకంటే నెలకు 51 వేల లోటు మూడు నెలలకు 1,53,000. వడ్డీతో కలిపితే ఒక్కో మెట్టు మూడు నెలల లోటుకు సరిపోతుంది. అంకె పైనుంచి ఊడిపడలేదు, మొదటి పేజీలోని ఆ వారంలోంచి వచ్చింది.

ఈ నిచ్చెన పనిచేసే తీరు చూడండి. జీతం వస్తున్నన్నాళ్లూ మూడు నెలలకొకసారి ఒక మెట్టు మెచ్యూర్ అవుతుంది. దాన్ని తీసి మళ్లీ పద్దెనిమిది నెలలకు వేస్తే అది నిచ్చెన చివరకు పోతుంది. కొన్నాళ్లకు అన్నీ ఎక్కువ రేటున్న పద్దెనిమిది నెలల డిపాజిట్లే అవుతాయి, అయినా ప్రతి మూడు నెలలకూ ఒకటి చేతికొస్తూనే ఉంటుంది. జీతం ఆగిపోతే ఆమె చేయాల్సిన కొత్త పనేమీ ఉండదు. వచ్చిన మెట్టును మళ్లీ వేయకుండా ఉంటే చాలు. అల్లుణ్ని ఆసుపత్రిలో చేర్చిన రోజున కూర్చుని ఆలోచించాల్సిన నిర్ణయం ఒక్కటీ మిగలకుండా చేసింది. తర్వాతి మెట్లలో ఇంకో గుణం ఉంది. లక్షన్నర 7 శాతం వడ్డీతో పద్దెనిమిది నెలలు ఉంటే 1,66,000 దాటుతుంది. మందుల ధరలు పెరిగితే ఆ పెరుగుదలను మోసే బలం వెనక మెట్లలో దానంతట అదే చేరుతుంది.

ఈ పేజీలో ఒక పొరపాటు కూడా జరిగింది. మొదటి మెట్టు వేసేటప్పుడు ఫారంలో ఆటో రెన్యువల్ గడి టిక్ అయిపోయింది. మూడు నెలల డిపాజిట్ మెచ్యూర్ అయ్యి, పాత కాలానికే, అంటే మళ్లీ మూడు నెలలకే, తక్కువ రేటుకు తిరిగి పడిపోయింది. నిచ్చెనలో మొదటి రెండు మెట్లూ ఒకే తేదీకి వచ్చి కూర్చున్నాయి. ఆ తర్వాత ఆమె ప్రతి రసీదు మీద ఎర్ర ఇంకుతో రాసుకుంది: "మెచ్యూరిటీకి సేవింగ్స్‌లో జమ." మీరు ఇలాంటి వరస కట్టుకుంటే రసీదులో మొదట చూడాల్సింది వడ్డీ రేటు కాదు, మెచ్యూరిటీ సూచన.

రసీదు మీద ఉన్న పేర్ల దగ్గర ఆమె పనితనం ఇంకా బాగా కనబడుతుంది. పాత ఎఫ్‌డీ అల్లుడి ఒక్కడి పేరుతోనే ఉండేది. ఇలాంటి ఇళ్లలో డబ్బు లేక ఇబ్బంది పడేవాళ్లు ఉన్నారు, డబ్బుండీ తీసుకోలేక ఇబ్బంది పడేవాళ్లూ ఉన్నారు. నేను కౌంటర్లో కూర్చున్న రోజుల్లో ఒకావిడ భర్త పేరుతో ఉన్న డిపాజిట్ రసీదు పట్టుకుని వచ్చింది. భర్త ఐసీయూలో స్పృహ లేకుండా ఉన్నాడు. ఆవిడ దగ్గర ఆయన రాసిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ కూడా ఉంది. కానీ రాసిచ్చిన మనిషి తెలివిలో లేనప్పుడు మన చట్టంలో ఆ కాగితం చెల్లదు. సరిగ్గా ఎప్పుడు అవసరమో అప్పుడే పనికిరాదు. ఆవిడ మెట్లు దిగి వెళ్లడం నాకిప్పటికీ గుర్తే.

మా అమ్మాయి ప్రతి మెట్టునూ ఇద్దరి పేరుతో, 'ఐదర్ ఆర్ సర్వైవర్' పద్ధతిలో వేసింది. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. ఆమె ఇంకో అడుగు వేసి బ్యాంకులో అడిగింది, "మధ్యలో విరగ్గొట్టాలంటే ఒక్క సంతకం చాలా?" అని. చాలదు. ఐదర్ ఆర్ సర్వైవర్ అయినా, మెచ్యూరిటీ రోజున ఒకరి సంతకం సరిపోతుంది గాని, గడువుకు ముందు తీయాలంటే ఇద్దరూ సంతకం పెట్టాలి. ఒకరు చనిపోయాక రెండోవారు గడువుకు ముందు తీసుకోవాలన్నా, ముందుగానే ఇద్దరూ కలిసి బ్యాంకుకు ఆ మేరకు రాసిచ్చి ఉండాలి. ఆమె ఆ కాగితం రాయించి ఇచ్చింది. అది తెలిశాక నాకు నిచ్చెన విలువ ఇంకోలా అర్థమైంది. మూడు నెలలకొక మెట్టు మెచ్యూర్ అవుతుంటే, భర్త సంతకం పెట్టలేని స్థితిలో ఉన్నా మూడు నెలలకు మించి ఆమె చేతులు కట్టేసి ఉండవు.

ఇక పక్కన పెట్టిన 3 లక్షలు. ఇవి నెలవారీ ఖర్చుకు కావు. డయాలసిస్ ఇంట్లో ఖర్చు రెండు రకాలుగా వస్తుంది. ఒకటి గడియారంలా వారానికి మూడుసార్లు వచ్చేది. ఇంకోటి రాత్రి పదకొండింటికి వచ్చేది: ఫిస్టులా మూసుకుపోవడం, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, ఇన్‌ఫెక్షన్‌తో చలిజ్వరం. అప్పుడు అడ్మిషన్ కౌంటర్ దగ్గర కార్డు గీస్తే డబ్బు రావాలి. అందుకని అది ఆటో స్వీప్ ఉన్న సేవింగ్స్ ఖాతాలో ఉంది, ఆ కార్డు ఆమె పర్సులో ఉంది. దీంట్లోంచి తీసినప్పుడల్లా తర్వాత వచ్చే మెట్టులోంచి ముందు దీన్ని నింపాలని నియమం రాసుకుంది.

ఈ పేజీలోనే ఎఫ్‌డీల తేదీల మధ్య నన్ను ఆపేసిన ఒక వరస ఉంది: "ఫిస్టులా ఆపరేషన్ – తయారవడానికి 2, 3 నెలలు." డయాలసిస్ సూది వేయడానికి చేతిలో ధమనినీ సిరనూ కలిపి చేసే చిన్న ఆపరేషన్ అది. చేసిన వెంటనే పనికిరాదు, నరం ఉబ్బి గట్టిపడాలి. వాయిదా వేసుకుంటూ పోతే ఒక రోజు హడావిడిగా మెడలో కేథటర్ వేయాల్సి వస్తుంది. కేథటర్‌తో ఇన్‌ఫెక్షన్ భయం ఎక్కువ, దాంతో ఆసుపత్రి రోజులూ ఎక్కువ. ఆమె దాన్ని కూడా మెచ్యూరిటీ తేదీ ఉన్న డిపాజిట్‌గానే చూసి, డయాలసిస్ అవసరం పడకముందే డాక్టరును అడిగి చేయించింది. ఆ వరసను నేనెప్పటికీ రాయగలిగేవాణ్ని కాదు.

మ్యూచువల్ ఫండ్ల దగ్గర ఆమె భయపడి అన్నీ అమ్మేయలేదు, ఆశపడి అన్నీ ఉంచనూ లేదు. 2020 జనవరిలో 12,300 దాటిన నిఫ్టీ మార్చి 23న 7,610 దగ్గర ముగిసింది. జీతం వచ్చే ఇల్లు ఆ పతనాన్ని ఓపిగ్గా చూస్తూ కూర్చోవచ్చు. సోమ, బుధ, శుక్రవారాలు డబ్బు కట్టాల్సిన ఇల్లు ఆగలేదు. పడిన రేటుకే అమ్మాలి, అమ్మిన యూనిట్లు మార్కెట్ లేచినప్పుడు తిరిగి రావు. అందుకని ఐదేళ్లలోపు ఖర్చుకు ఏ ఈక్విటీ డబ్బునూ లెక్కవేయలేదు. తన పేరుతో ఉన్న 5 లక్షలను ఐదేళ్ల తర్వాతి కాలానికి వదిలేసి, భర్త ఒక్కడి పేరుతో ఉన్న 4 లక్షలను బయటికి తీసింది. అలా మార్కెట్ రిస్కూ సంతకం రిస్కూ ఒక్క దెబ్బతో తగ్గాయి. అందులో లాభం లక్షా తొంభై వేలు. ఏడాది దాటిన ఈక్విటీ లాభంలో ఒక ఆర్థిక సంవత్సరానికి లక్షా పాతిక వేల దాకా పన్ను పడదు. సగం మార్చి మూడో వారంలో, సగం ఏప్రిల్ మొదట్లో అమ్మించింది. పన్ను సున్నా. ఆ డబ్బులో 3 లక్షలతో నిచ్చెనకు ఇంకో రెండు మెట్లు చేరి పద్దెనిమిది నెలలది రెండేళ్లదైంది. మిగిలిన లక్ష ఫిస్టులాకు, ఈఎంఐల మధ్య ఖాళీకి పోయింది.

ఇప్పుడు పెన్సిల్ సంగతి. ఖాయంగా వచ్చేదాన్ని, ఖాయంగా పోయేదాన్ని ఆమె పెన్నుతో రాసింది. రావచ్చేమో అన్నదాన్ని పెన్సిల్‌తో రాసింది. అందరూ ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే పిలిచే పథకంలో డయాలసిస్ ఉంది. కానీ రెండు జీతాలున్న ఇంటికి అప్పట్లో ఆ అర్హత లేదు. జీతం ఆగితే రావచ్చు. వస్తే నెలకు 23,400 తగ్గుతుంది, లోటు 51 వేల నుంచి 27,600కు పడుతుంది. లోను తీర్చాక ఆ ఇంటికి మిగిలేది, అన్నీ కలిపి 34 లక్షల చిల్లర. వడ్డీనీ ధరల పెరుగుదలనూ ఒకదానికొకటి సరిపెట్టుకుంటే, పెన్ను లెక్కలో ఆ డబ్బు ఐదున్నరేళ్లు వస్తుంది. పెన్సిల్ లెక్కలో పదేళ్లు దాటుతుంది. 30 లక్షల మీద ఒక శాతం ఎక్కువ వడ్డీ వెతుక్కుంటే ఏడాదికి వచ్చేది 30 వేలు. ఆరోగ్యశ్రీ కార్డు విలువ ఏడాదికి 2 లక్షల 80 వేలు. అందుకే ఆమె తన తీరికంతా వడ్డీ రేట్ల మీద పెట్టలేదు. కార్డుకు కావలసిన కాగితాలు, ఏ సెంటరు పథకంలో ఉంది, అక్కడ మిషన్ ఖాళీ ఎప్పుడు దొరుకుతుంది, ఇవన్నీ ఒక పేజీ నిండా రాసుకుంది. అయినా నిచ్చెనను మాత్రం పెన్ను లెక్క మీదే కట్టింది.

కిడ్నీ మార్పిడి కూడా పెన్సిల్ వరసే. జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించాలి, తనది సరిపోతుందేమో పరీక్షలు చేయించుకోవాలి అని ఉంది. పక్కనే చిన్న అక్షరాలతో, "మార్పిడి తర్వాత కూడా మందులు జీవితాంతం. నెల ఖర్చు తగ్గుతుంది, పోదు." అందుకే పీపీఎఫ్‌ను ఆమె ముట్టుకోలేదు. ఖాతా ఐదు ఆర్థిక సంవత్సరాలు దాటితే, భార్యకో భర్తకో ప్రాణాంతక జబ్బు చేసినప్పుడు ఒక శాతం వడ్డీ వదులుకుని ముందే మూసుకోవచ్చు. తాళం వేసి ఉంది, తాళంచెవి తన దగ్గరే ఉంది. ఆ డబ్బును మార్పిడి వరస పక్కన పెట్టింది.

ఇన్సూరెన్స్‌లో ఆమె చూసినది నాకు తట్టలేదు. జబ్బు తేలాక అల్లుడికి కొత్త పాలసీ దొరకడం చాలా కష్టం. కంపెనీ ఇచ్చిన గ్రూపు పాలసీ ఉద్యోగంతోపాటే పోతుంది. దాన్ని సొంత పాలసీగా మార్చుకునే వీలుందేమో రాజీనామాకు ముందే అడగాలి, తర్వాత అడిగితే ఆ వీలు పోవచ్చు. అది ఒక వరస. దాని కింద ఉన్నది: "నాకు టర్మ్ పాలసీ, 50 లక్షలు. నాకూ పిల్లలకూ వేరే హెల్త్ పాలసీ." ఇంట్లో అందరి కళ్లూ రోగి మీద ఉన్నప్పుడు, ఈ ప్లాను మొత్తం నిలబడింది తన 28 వేల జీతం మీద, తన రెండు చేతుల మీద అని ఆమె గుర్తించింది. ఆమె పడిపోతే నిచ్చెన తేదీలు చూసేవాళ్లుండరు, సోమవారం ఉదయం ఆటో పిలిచేవాళ్లూ ఉండరు. ఆరోగ్యంగా ఉన్నది తనే కాబట్టి పాలసీ దొరికేదీ తనకే.

ఈ ప్లానుకు లోపాలున్నాయి. కొడుకు ఇంజనీరింగ్ ఫీజు ఇందులో పూర్తిగా ఇమడలేదు. దానికి విద్యా రుణం అని పెన్సిల్‌తో రాసి వదిలేసింది. ఐదున్నరేళ్ల తర్వాతి పేజీ ఖాళీగానే ఉంది. ఆ ఖాళీని పన్నెండు శాతం రాబడి అంటూ ఏదో ఒక అంకెతో నింపకపోవడం కూడా నాకు నచ్చింది.

పోయిన వేసవిలో డయాలసిస్ మొదలైంది. ఫిస్టులా అప్పటికి సిద్ధంగా ఉంది, మెడలో కేథటర్ అవసరం పడలేదు. కంపెనీవాళ్లు కొన్నాళ్లు సగం పని, సగం జీతం అన్నారు, తర్వాత అదీ ఆగింది. మొన్న నేను వెళ్లేసరికి ఒక మెట్టు మెచ్యూర్ అయిన మెసేజ్ ఆమె ఫోన్లో ఉంది. "ఇది మళ్లీ వేయను బాబాయ్" అంది. పుస్తకం తీసి ఆ వరస పక్కన టిక్ పెట్టింది. తర్వాత కొడుకును పిలిచి, చివరి అట్ట లోపలి వైపు రాసింది చదివించింది. ఏ రసీదు ఏ బ్యాంకులో ఉంది, స్వీప్ కార్డు ఎక్కడ ఉంది, నాన్నకు ఫిస్టులా ఉన్నది ఎడమ చెయ్యి కాబట్టి ఆ చేతికి బీపీ చూడనివ్వకూడదు, ఆ చేతి నుంచి రక్తం తీయనివ్వకూడదు అని అక్కడ రాసి ఉంది. వాడు రెండుసార్లు చదివి, ఫోన్లో ఫొటో తీసుకుని, చెప్పులేసుకుని నాన్నను తీసుకురావడానికి సెంటరుకు బయల్దేరాడు.